ఎల్‌డీహెచ్ స్టాకును రోజూ కరిగించి మళ్ళీ గడ్డకట్టిస్తే ఏమవుతుంది, చిన్న ట్యూబుల్లోకి ఎలా పంచుకోవాలి

ప్రశ్న: మేడమ్, విజయవాడలో ఒక కాలేజీ ల్యాబులో ఇంటర్న్‌గా చేస్తున్నాను. కోడి కండ నుంచి మేమే శుద్ధి చేసిన లాక్టేట్ డీహైడ్రోజినేజ్ ఎంజైమ్, అంటే ఎల్‌డీహెచ్, అంతా ఒకే ట్యూబులో, మైనస్ 20లో ఉంది. రోజూ ఐసు మీద కరిగించి, కావలసినంత తీసుకుని మళ్ళీ పెట్టేస్తున్నాం. రెండు వారాల్లో యాక్టివిటీ సగానికి పడిపోయింది. గడ్డకట్టి ఉన్నంతసేపూ ఎంజైమ్ పాడవదు కదా? ఆలిక్వాట్లు, అంటే చిన్న ట్యూబుల్లోకి వాటాలు, చేయమంటున్నారు. ఎంతెంత చేయాలి, ఎలా చేయాలి?

జవాబు: గడ్డకట్టే దారిలోనూ కరిగే దారిలోనూ ఎంజైమ్ దెబ్బ తింటుంది. రెండు వారాల్లో మీరు దాన్ని ఆ దారిలో దాదాపు పదిసార్లు అటూ ఇటూ నడిపించారు. పైగా మైనస్ 20లో ఉప్పు కలిసిన ద్రావణం పూర్తిగా గడ్డకట్టదు, కాబట్టి ఆ దెబ్బ రాత్రంతా కొనసాగుతూనే ఉంటుంది. మీరు చేయవలసింది ఇది: ఒక రోజు పనికి సరిపోయేంత ఎంజైమ్‌ను మాత్రమే ఒక్కో చిన్న ట్యూబులో పోసి, ప్రతి ట్యూబూ ఒక్కసారే గడ్డకట్టి ఒక్కసారే కరిగేలా చూసుకోండి. సాయంత్రం మిగిలినది ఎంత ఉన్నా పారబోయండి. మీ విషయంలో ఆ పరిమాణం ట్యూబుకు 20 మైక్రోలీటర్లు. ఆ లెక్క ఎలా వచ్చిందో కింద చెబుతాను. అయితే పంచుకోవడానికి ముందు మీ బఫర్ ఏమిటో చూడండి. సోడియం ఫాస్ఫేట్ అయితే దాన్ని మార్చకుండా ఎన్ని ట్యూబుల్లోకి పంచినా పూర్తి ప్రయోజనం ఉండదు.

నేను గుంటూరులో ఒక బయోకెమిస్ట్రీ ల్యాబు చూసుకుంటున్నాను. కొత్తగా వచ్చే ఇంటర్న్‌ల చేత మొదట చేయించేది ఇదే ప్రాక్టికల్: కోడి రొమ్ము కండను చల్లగా రుబ్బి, అమ్మోనియం సల్ఫేట్‌తో అవక్షేపింపజేసి, కాలమ్ మీద శుద్ధి చేసి, చివరికి డయాలిసిస్ చేయడం. అందుకే మీ ట్యూబులో ఏం జరిగి ఉంటుందో నాకు బాగా తెలుసు. మా దగ్గరా ఒక సంవత్సరం అచ్చంగా అలాగే జరిగింది.

మొదట గడ్డకట్టడం అంటే ఏమిటో చూద్దాం. చిన్నప్పుడు పుల్ల ఐసు తిన్నవాళ్ళకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. ఎర్రని ఐసును గట్టిగా చప్పరిస్తే రంగూ తీపీ ముందే నోట్లోకి వచ్చేస్తాయి, పుల్లకు తెల్లటి చప్పిడి మంచు మిగులుతుంది. మంచు స్ఫటికంలో నీటికి తప్ప మరి దేనికీ చోటు ఉండకపోవడమే ఇందుకు కారణం. నీరు గడ్డకడుతూ పోతున్నకొద్దీ చక్కెరా రంగూ స్ఫటికాల మధ్య సందుల్లోకి నెట్టబడి, అక్కడ చిక్కని ద్రవంగా చేరతాయి. మీ ట్యూబులోనూ ఇదే జరుగుతుంది, చక్కెరకు బదులు అక్కడ ఉప్పు, బఫర్, ఎంజైమ్ ఉంటాయి.

ఈ చిక్కదనం ఎంతో అంకెల్లో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఎంజైమ్ బఫర్లలో సాధారణంగా కలిపే 150 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్ అంటే బరువులో 0.9 శాతం కంటే కొంచెం తక్కువ. మైనస్ 10 డిగ్రీల దగ్గర మంచు మధ్య మిగిలిన ద్రవంలో ఉప్పు దాదాపు 14 శాతానికి చేరుతుంది. మైనస్ 21 దగ్గర అది 23 శాతం అవుతుంది, అంటే మీరు కలిపినదానికి ఇరవై అయిదు రెట్లకు పైగా. సోడియం క్లోరైడ్ ద్రావణం పూర్తిగా ఘనీభవించేది ఆ మైనస్ 21 దగ్గరే. మీ ఫ్రీజర్ మైనస్ 20 అని చూపిస్తోంది, తలుపు తీసినప్పుడల్లా ఇంకా పైకి వస్తుంది. కాబట్టి బయటికి రాయిలా కనిపించే ఆ ట్యూబులో మీ ఎంజైమ్ ఊరగాయ ఉప్పునీటి లాంటి ద్రవంలో మునిగి ఉంది. గ్లిసరాల్ లేని ఎంజైమ్ ద్రావణాన్ని మైనస్ 20లో దాచవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక రెండో దెబ్బ, నా అనుభవంలో అన్నిటికంటే పెద్దది, పీహెచ్ మారిపోవడం. సోడియం ఫాస్ఫేట్ బఫర్‌లో రెండు లవణాలు ఉంటాయి, మోనోసోడియం ఫాస్ఫేట్ ఆమ్లం వైపు, డైసోడియం ఫాస్ఫేట్ క్షారం వైపు. ఈ రెండూ తూకంలో ఉన్నంతవరకే పీహెచ్ 7 దగ్గర నిలుస్తుంది. చల్లబడేటప్పుడు డైసోడియం ఫాస్ఫేట్ త్వరగా స్ఫటికమై ద్రవంలోంచి తప్పుకుంటుంది. మిగిలిన ద్రవంలో ఆమ్లం వైపుదే ఎక్కువ అవుతుంది, పీహెచ్ మూడు యూనిట్ల దాకా పడిపోవచ్చు. అంటే 7 దగ్గర మీరు జాగ్రత్తగా సరిచేసి పెట్టిన ఎంజైమ్ రాత్రికి 4 దగ్గర ఉంటుంది. ఉదయం కరిగాక స్ఫటికం తిరిగి కరిగిపోతుంది కనుక పీహెచ్ మీటర్ మళ్ళీ 7 అనే చూపిస్తుంది. జరిగినదానికి ఆనవాలు మిగలదు.

ఇది కంటితో చూడాలంటే ఒక చిన్న ప్రయోగం చేయండి. ఎంజైమ్ లేకుండా 100 మిల్లీమోలార్ సోడియం ఫాస్ఫేట్, పీహెచ్ 7.0 బఫర్‌ను ఒక ట్యూబులోనూ, అదే గాఢతలో పొటాషియం ఫాస్ఫేట్‌ను ఇంకొక ట్యూబులోనూ తీసుకుని, రెండింటిలోనూ యూనివర్సల్ ఇండికేటర్ కొన్ని చుక్కలు వేసి రాత్రంతా మైనస్ 20లో ఉంచండి. పెట్టేటప్పుడు రెండూ ఆకుపచ్చగా ఉంటాయి. ఉదయానికి సోడియం ట్యూబు పసుపు, నారింజ రంగుల వైపు తిరిగి ఉంటుంది, పొటాషియం ట్యూబు దాదాపు అలాగే ఉంటుంది. అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉంటే కరుగుతున్నకొద్దీ నారింజ మళ్ళీ పచ్చగా మారిపోతుంది. మా ఇంటర్న్‌లకు నేను ఈ విషయం మాటలతో చెప్పడం మానేశాను, ఈ రెండు ట్యూబులే చూపిస్తాను.

ఎల్‌డీహెచ్ విషయంలో దీనికి తోడు మరొకటి ఉంది. అది నాలుగు ఉపభాగాలు కలిసి ఏర్పడిన ప్రోటీన్, నాలుగూ కలిసి ఉంటేనే పని చేస్తుంది. గడ్డకట్టినప్పుడు ఈ నాలుగూ విడిపోతాయని చాలా ఏళ్ళ క్రితమే తేలింది. 1963లో క్లెమెంట్ మార్కర్ట్ గుండె రకం, కండ రకం ఎల్‌డీహెచ్‌లను సమానంగా ఉప్పు ద్రావణంలో కలిపి, గడ్డకట్టించి, కరిగించి చూస్తే, మొదటి రెండు రకాలతో పాటు మూడు మిశ్రమ రకాలు కూడా జెల్ మీద కనిపించాయి. ఉపభాగాలు విడిపోయి, కొత్త జతలుగా మళ్ళీ కలిస్తే తప్ప అలా జరగదు. ఆయనకు ఆ విడిపోవడం ఒక సాధనంగా పనికొచ్చింది. మనకు అదే నష్టం. విడిపోయిన ఉపభాగాలన్నీ మళ్ళీ సరిగ్గా కలవవు, కొన్ని ముడుత విప్పుకుని ఒకదానికొకటి అంటుకుపోతాయి. అలా అంటుకున్నవి ఇక తిరిగి రావు. రోజుకు పదిశాతం చొప్పున పోయినా పది రోజులకు మూడో వంతు మాత్రమే మిగులుతుందని మీరే లెక్క వేసుకోవచ్చు.

మంచు స్ఫటికాల ఉపరితలం మూడో శత్రువు. ప్రోటీన్ అణువులు ఆ ఉపరితలానికి అంటుకున్నప్పుడు వాటి ఆకారం చెదురుతుంది. మొత్తం ఉపరితలం ఇంత అని పరిమితం కాబట్టి, ప్రోటీన్ ఎక్కువగా ఉంటే అందులో కొంత భాగమే బలి అవుతుంది, పలచగా ఉంటే దాదాపు అంతా బలి అవుతుంది. ఇందుకే పలచన చేసిన ఎంజైమ్‌ను ఎప్పుడూ గడ్డకట్టించకూడదు. మా దగ్గర ఒక అమ్మాయి పొదుపు చేద్దామని వెయ్యి రెట్లు పలచన చేసిన ద్రావణంలో మిగిలినదాన్ని ఫ్రీజర్లో పెట్టింది. మర్నాడు దానిలో యాక్టివిటీ దాదాపు ఏమీ లేదు. ఆమె స్టాకే పాడైందనుకుని చాలా కంగారుపడింది, స్టాకు మాత్రం బాగానే ఉంది.

ఇప్పుడు మీ సమస్యకు వద్దాం. నిజంగా ఎంజైమే తగ్గిందా అన్నది ముందు తేల్చుకోండి. ఎల్‌డీహెచ్ పైరువేట్‌ను లాక్టేట్‌గా మార్చేటప్పుడు ఖర్చయ్యే ఎన్ఏడీహెచ్ తగ్గుదలను మీరు 340 నానోమీటర్ల దగ్గర చూస్తున్నారనుకుంటాను. 0.2 మిల్లీమోలార్ ఎన్ఏడీహెచ్ ఉన్న ఒక సెంటీమీటర్ క్యువెట్‌లో, ఎంజైమ్ వేయకముందు రీడింగు 1.24 దగ్గర ఉండాలి. అది 0.9 అనో 0.8 అనో వస్తే తప్పు ఎన్ఏడీహెచ్‌ది. ఎన్ఏడీహెచ్ ఆమ్లంలో త్వరగా చెడిపోతుంది కనుక దాన్ని కూడా సోడియం ఫాస్ఫేట్‌లో గడ్డకట్టించి దాచే అలవాటు ఉంటే పైన చెప్పిన పీహెచ్ దెబ్బ దానికీ తగులుతుంది. దాన్ని ఏ రోజుకారోజు పొడి నుంచి కలుపుకోవడం మంచిది. మొదటి రీడింగు సరిగ్గా ఉండి, నిమిషానికి తగ్గే వేగం మాత్రమే పడిపోతే, కొత్త పైరువేట్‌తో ఒకసారి చూడండి. అప్పటికీ వేగం తక్కువే ఉంటే తప్పు ఎంజైమ్‌దే. ఇంకొక గుర్తు ఉంది: కరిగిన స్టాకును దీపానికి అడ్డంగా పట్టుకుంటే పలచటి మబ్బులాగా కనిపించడం, లేదా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున తెల్లటి చుక్క చేరడం. అయితే మబ్బు లేనంత మాత్రాన ఎంజైమ్ క్షేమంగా ఉందనుకోకూడదు, యాక్టివిటీ సగం పోయాక కూడా ద్రావణం స్వచ్ఛంగా కనిపించవచ్చు.

మా దగ్గర జరిగినది ఇది. స్టాకు మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, బఫర్ 20 మిల్లీమోలార్ సోడియం ఫాస్ఫేట్‌తో పాటు 150 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, ఒకే ట్యూబు, మైనస్ 20. మొదటి రోజు ఒక మిల్లీలీటరు క్యువెట్‌లో నిమిషానికి 0.124 తగ్గింది. దీన్ని ఎన్ఏడీహెచ్ శోషణ గుణకం 6.22తో భాగిస్తే 0.02, అంటే క్యువెట్‌లో 0.02 యూనిట్ల ఎంజైమ్ ఉంది. రెండో వారం చివరికి అదే పలచన, అదే పరిమాణంతో నిమిషానికి 0.05 మాత్రమే వచ్చింది. పిల్లలు ఏం చేశారంటే, రీడింగు తగ్గిన ప్రతిసారీ ఎంజైమ్ కొంచెం ఎక్కువ వేస్తూ పోయారు. అందువల్ల రెండు వారాల లెక్కల్లో ఏ రోజు ఎంత చురుకైన ఎంజైమ్ ఉందో ఎవరికీ తెలియకుండా పోయింది, ఆ ఫలితాలన్నీ పక్కన పెట్టవలసి వచ్చింది. మీరు అలా సరిపెట్టుకునే పని చేస్తూ ఉంటే వెంటనే ఆపండి.

తరువాతి బ్యాచిని రెండు భాగాలు చేసి, ఒకదాన్ని పాత బఫర్‌లో, ఇంకొకదాన్ని కొత్త బఫర్‌లో పెట్టి, కావాలనే అయిదుసార్లు గడ్డకట్టించి కరిగించి చూశాం. పాత బఫర్‌లో మూడోసారికే సగం కంటే ఎక్కువ పోయింది. కొత్తదానిలో అయిదోసారి తరువాత కూడా అయిదింట నాలుగు వంతులకు పైగా మిగిలింది. అప్పటి నుంచి ఈ ఎంజైమ్‌కు మేం వాడుతున్న బఫర్ ఇది: 20 మిల్లీమోలార్ పొటాషియం ఫాస్ఫేట్, పీహెచ్ 7.0, 10 శాతం గ్లిసరాల్, 1 మిల్లీమోలార్ డీటీటీ. చివరి డయాలిసిస్ దీనిలోకే చేస్తాం. తరువాత ఆవు రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ ప్రోటీన్, అంటే బీఎస్ఏ, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములున్న ద్రావణాన్ని, ఒక మిల్లీలీటరు ఎంజైమ్‌కు 50 మైక్రోలీటర్లు చొప్పున కలుపుతాం. మంచు ఉపరితలానికీ ట్యూబు గోడకూ ముందు బీఎస్ఏ అంటుకుంటుంది కనుక ఎంజైమ్ బతుకుతుంది. గ్లిసరాల్ ఆ చిక్కటి ద్రవంలో ఉప్పు గాఢతను తగ్గిస్తుంది, ప్రోటీన్ ముడుత విప్పుకోకుండా నిలబెడుతుంది.

ఇక్కడ రెండు హెచ్చరికలు ఉన్నాయి. పొటాషియం ఫాస్ఫేట్ వాడుతూ దానిలో మళ్ళీ సోడియం క్లోరైడ్ వేస్తే మొదటికే మోసం వస్తుంది. ద్రావణంలో సోడియమూ ఫాస్ఫేటూ రెండూ ఉంటే డైసోడియం ఫాస్ఫేట్ స్ఫటికం కావడానికి అడ్డేమీ ఉండదు. ఉప్పు తప్పనిసరి అయితే పొటాషియం క్లోరైడ్ వేయండి. రెండోది, ప్రోటీన్ అంచనా వేయడమో జెల్ నడపడమో ఇంకా మిగిలి ఉంటే, ఆ పనికి కావలసినంత ముందే పక్కకు తీసిపెట్టి ఆ తరువాతే బీఎస్ఏ కలపండి. కలిపాక ఏది మీ ప్రోటీనో, ఏది బీఎస్ఏనో ఏ ప్రోటీన్ అంచనా పద్ధతీ చెప్పలేదు.

ఇప్పుడు ఎంతెంత పంచాలో చూద్దాం. ఈ లెక్క ఎప్పుడూ రోజువారీ పని నుంచి వెనక్కి వేయాలి. మేం ఉదయం 5 మైక్రోలీటర్ల స్టాకును 5 మిల్లీలీటర్ల చల్లని బఫర్‌లో వేసి, వెయ్యి రెట్లు పలచన చేస్తాం. ఆ బఫర్‌లోనూ మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము బీఎస్ఏ ఉంటుంది. దానిలోంచి 40 మైక్రోలీటర్లు క్యువెట్‌లో వేస్తే పైన చెప్పిన 0.02 యూనిట్లు వస్తాయి. ఒక మైక్రోలీటరు తీసుకుని ఒక మిల్లీలీటరులో వేయవచ్చు కదా అని అడుగుతారు. అంత చిన్న పరిమాణంలో పిపెట్ తప్పు, కొనకు బయట అంటుకునే చుక్క తప్పు రెండూ కలిసి మీ ఫలితాన్ని ఊపేస్తాయి. అందువల్ల అయిదుకు తగ్గవద్దు. పలచన ఒకసారి తప్పు జరిగితే రెండోసారికి ఇంకొక 5, మధ్యాహ్నం బ్యాచికి మరొక 5, ట్యూబు గోడలకూ పిపెట్ కొనకూ పోయేది 5. మొత్తం 20 మైక్రోలీటర్లు. మీ స్టాకు ఒక మిల్లీలీటరు అనుకుంటే, బీఎస్ఏ కలిపాక 1.05 మిల్లీలీటర్లు ఉంటుంది, అది 50 ట్యూబులకు సరిపోయి ఇంకా 50 మైక్రోలీటర్లు మిగులుతుంది. గడ్డకట్టించక ముందటి యాక్టివిటీ చూసుకోవడానికి ఆ మిగిలినది పనికొస్తుంది. యాభైలో 45 వాడకానికి, 5 పరీక్షకు. వారానికి అయిదు రోజుల పని అనుకుంటే తొమ్మిది వారాలు నడుస్తుంది.

ఇంత చిన్న పరిమాణాన్ని 1.5 మిల్లీలీటర్ల ట్యూబులో వేయవద్దు. 0.2 మిల్లీలీటర్ల పీసీఆర్ ట్యూబులు వాడండి. పెద్ద ట్యూబులో ఖాళీ ఎక్కువగా ఉంటే, నెలలు గడిచేసరికి నీరు ఆవిరై మూత కింద మంచుగా చేరుతుంది, అడుగున ఎంజైమ్ చిక్కబడి ఎండుతుంది. ట్యూబు తీసినప్పుడు మూత లోపల తెల్లటి మంచు పొడి కనిపిస్తే అదే గుర్తు.

పంచే రోజు పని ఈ వరుసలో చేయండి. ముందు రోజు సాయంత్రమే ట్యూబుల మీద రాసి ముగించండి. ఎంజైమ్ చేతిలో పెట్టుకుని రాయడం మొదలుపెడితే గంట గడిచిపోతుంది, ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళలో ఐసు డబ్బా ఆ గంట తట్టుకోదు. స్పిరిట్ తగిలితే మామూలు మార్కర్ చెరిగిపోతుంది కనుక ఫ్రీజర్‌కు తట్టుకునే లేబుల్ మీద బ్యాచి సంఖ్య, తేదీ, గాఢత రాసి, ఒక్కో ట్యూబుకు వరుస సంఖ్య వేయండి. బఫర్ వివరాలన్నీ డబ్బా మూత మీదా నోటుబుక్కులోనూ ఉంటే చాలు. రాసిన ట్యూబులను రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి. పీసీఆర్ ట్యూబులు పట్టే ఒక అల్యూమినియం బ్లాకును మైనస్ 80లో పెట్టండి.

మర్నాడు ఎంజైమ్‌ను నాలుగు డిగ్రీల దగ్గర పది నిమిషాలు గట్టిగా తిప్పి, అడుగున ఏమైనా చేరితే దాన్ని వదిలి పై ద్రావణాన్ని మాత్రమే తీసుకోండి. ముందే ఉన్న ముద్దలు కొత్త ముద్దలకు విత్తనాల్లాంటివి. బీఎస్ఏ కలిపి, ట్యూబును నాలుగైదుసార్లు మెల్లగా తలకిందులు చేయండి, వోర్టెక్స్ మీద పెట్టవద్దు. నురుగు వచ్చిందంటే గాలి బుడగల ఉపరితలం మీద ఎంజైమ్ చెడిపోతోందన్నమాట. తరువాత ఇరవయ్యేసి మైక్రోలీటర్లు పోసి, ట్యూబులను క్షణం పాటు తిప్పి ద్రావణాన్ని అడుగుకు చేర్చి, చల్లటి బ్లాకులో దించి మైనస్ 80లో పెట్టేయండి. 20 మైక్రోలీటర్లు లోహపు బ్లాకులో చూస్తుండగానే తెల్లబడతాయి. పీహెచ్ పడిపోయే, ఉప్పు పెరిగే ప్రమాదకరమైన ఉష్ణోగ్రతలను అలా త్వరగా దాటేస్తాయి. అదే ట్యూబులను థర్మాకోల్ డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో ఉంచితే గంటల తరబడి ఆ మధ్య దశలోనే నానుతాయి. ద్రవ నైట్రోజన్ ఉన్న చోట దానిలో ముంచుతారు, అది కూడా మంచి పద్ధతే. కానీ మరీ వేగంగా గడ్డకడితే స్ఫటికాలు సన్నగా, లెక్కకు ఎక్కువగా ఏర్పడి మంచు ఉపరితలం పెరుగుతుంది, బీఎస్ఏ లాంటి రక్షణ లేకపోతే ఆ పద్ధతిలోనూ నష్టం ఉంటుంది.

యాభై ట్యూబులూ ఒకేసారి గడ్డకట్టించవద్దు. మొదట పరీక్ష ట్యూబుల్లో రెండింటిని మాత్రమే పెట్టి, మిగిలినవాటిని ఆ రాత్రికి నాలుగు డిగ్రీల దగ్గర ఉంచండి. మర్నాడు ఆ రెండింటినీ కరిగించి, గడ్డకట్టించక ముందు వచ్చిన రీడింగుతో పోల్చండి. పదింట తొమ్మిది వంతులు మిగిలితే మిగతావన్నీ పెట్టేయండి. అంతకంటే తక్కువ వస్తే బఫర్‌ను సరిచేసుకునే అవకాశం ఇంకా మీ చేతిలో ఉంటుంది. ఆలిక్వాట్ చేయడం రెండో గడ్డకట్టు నుంచి కాపాడుతుంది, మొదటి గడ్డకట్టు నుంచి కాపాడేది బఫరే. మిగిలిన మూడు పరీక్ష ట్యూబుల్ని నెలకొకటి చొప్పున తీసి చూస్తే నిల్వలో ఎంత తగ్గుతోందో తెలుస్తుంది.

కరిగించడం విషయంలో చాలామంది ఐసు మీద పెట్టి అరగంట వదిలేస్తారు. పెద్ద పరిమాణానికి అది చాలా నెమ్మది, ఆ అరగంటా చిన్న స్ఫటికాలు కరిగి పెద్ద స్ఫటికాలకు చేరుతూ ఎంజైమ్‌ను నలుపుతాయి. 20 మైక్రోలీటర్ల ట్యూబును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని దొర్లించండి. లోపల ఆవగింజంత తెల్లటి చుక్క మిగిలి ఉండగానే ఐసులోకి మార్చండి, ఆ చుక్క ఐసులో కరుగుతుంది. తరువాత వేలితో మూడు నాలుగుసార్లు తట్టి, క్షణం పాటు తిప్పండి. ఈ తట్టడం మరిచిపోకూడదు. కరిగిన ద్రావణంలో చిక్కటి భాగం అడుగునా, నీళ్ళలాంటి భాగం పైనా ఉంటుంది. కలపకుండా పైనుంచి 5 మైక్రోలీటర్లు తీస్తే ఎంజైమ్ తగ్గిపోయిందనిపిస్తుంది, సాయంత్రం అడుగు నుంచి తీస్తే పెరిగిందనిపిస్తుంది. ఇలాంటి ఎగుడుదిగుడు ఫలితాలు మీ నోటుబుక్కులో ఉంటే మొదట దీన్నే అనుమానించండి.

వేసవిలో ఐసు త్వరగా కరుగుతోందని ఐసు డబ్బాలో ఉప్పు చల్లేవాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చేయవద్దు. ఉప్పు కలిసిన ఐసు సున్నాకు చాలా కిందికి పోతుంది, కరిగించిన ఎంజైమ్ అక్కడే మెల్లగా మళ్ళీ గడ్డకడుతుంది. మనం తప్పించాలనుకున్న దెబ్బే మన కళ్ళ ముందు మళ్ళీ తగులుతుంది.

ఫ్రీజర్ గురించి కూడా చెప్పాలి. మంచు పేరుకోని రకం ఇంటి ఫ్రిజ్‌లు లోపలి మంచును వదిలించడానికి తరచు తమంతట తామే కొంచెం వేడెక్కుతాయి. మీరు తలుపు తీయకపోయినా అందులోని ట్యూబు అంచులు మెత్తబడుతూ గట్టిపడుతూ ఉంటాయి. ఎంజైమ్‌లకు అలాంటి ఫ్రిజ్ పనికిరాదు. కరెంటు పోయి, జనరేటర్ అందుకోక రాత్రంతా ఫ్రీజర్ ఆగిపోయి ఉదయానికి మళ్ళీ చల్లబడితే ఎవరికీ తెలియదు కాబట్టి, మా ప్రతి డబ్బాలోనూ ఒక సాక్షి ట్యూబు ఉంటుంది. వెడల్పాటి ట్యూబులో సగం దాకా రంగు నీళ్ళు పోసి, నిలువుగా గడ్డకట్టించి, తరువాత తలకిందులుగా అమర్చుతాం. రంగు మంచు పైనే అంటుకుని ఉంటే అది కరగలేదు, మూతలోకి జారి ఉంటే కరిగి మళ్ళీ గడ్డకట్టింది. అయితే ఈ ట్యూబు సున్నా దాటిందో లేదో మాత్రమే చెబుతుంది, మైనస్ 10 దాకా వచ్చి వెళ్ళిన సంగతి చెప్పలేదు. సాక్షి ట్యూబు జారి ఉంటే ఆ డబ్బాలో ఒక ట్యూబు తీసి యాక్టివిటీ చూడకుండా మిగతావి వాడవద్దు.

చివరిగా, పైన చెప్పినదంతా గడ్డకట్టే ద్రావణాల గురించి. రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌లు, టాక్ పాలిమరేజ్ లాంటివి 50 శాతం గ్లిసరాల్‌లో వస్తాయి, అవి మైనస్ 20లో కూడా ద్రవంగానే ఉంటాయి. వాటిని ఫ్రీజర్ నుంచి తీసి పెట్టడం గడ్డకట్టించి కరిగించడం కాదు. వాటికి ప్రమాదం బల్ల మీద వెచ్చబడటం వల్లా, కొన ద్వారా మలినం చేరడం వల్లా. మైనస్ 20 కోసం తయారైన వాటిని ఇంకా క్షేమమనుకుని మైనస్ 80లోకి మార్చవద్దు. అలాగే కంపెనీల నుంచి వచ్చే ఎల్‌డీహెచ్ చాలాసార్లు అమ్మోనియం సల్ఫేట్‌లో తెల్లటి తేట లేని ద్రవంగా వస్తుంది. దాన్ని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి, అసలు గడ్డకట్టించకూడదు.

మీ మైనస్ 80 వేరే విభాగంలో ఉండి రోజూ వెళ్ళి తెచ్చుకోవడం కష్టమైతే మీకూ ఈ గ్లిసరాల్ దారి ఉంది. పైన చెప్పిన పొటాషియం బఫర్‌లోనే గ్లిసరాల్‌ను 50 శాతానికి పెంచి, దానిలోకి డయాలిసిస్ చేసి మైనస్ 20లో ఉంచుకోండి. డయాలిసిస్ సంచిలోంచి నీరు బయటికి పోయి పరిమాణం బాగా తగ్గుతుంది కనుక, తరువాత యాక్టివిటీని మళ్ళీ కొలిచి పలచన లెక్కను కొత్తగా వేసుకోవాలి. గ్లిసరాల్ స్టాకు పిపెట్ కొనకు బయట మందంగా అంటుకుంటుంది. కొనను ద్రవం పైభాగంలో మాత్రమే ముంచి, నెమ్మదిగా లాగి, బయటి చుక్కను ట్యూబు అంచుకు తాకించి వదిలించండి. ప్రస్తుతం మీ దగ్గర ఉన్న సగం మిగిలిన స్టాకును మాత్రం కొలత ప్రయోగాలకు వాడవద్దు. ఈ గ్లిసరాల్ డయాలిసిస్‌ను ఒకసారి చేసి చూసుకోవడానికి, పలచన అలవాటు చేసుకోవడానికి దాన్ని ఖర్చు చేయండి. అసలు పనికి కొత్త బ్యాచి తీసి, మొదటి రోజే పంచుకోండి.